ఉద్యోగం పోయాక ముఖం చాటేసే భర్త

ఉద్యోగం పోయిన మగవాడు ఆ సంగతి తోటి ఉద్యోగులతో చెప్పుకుంటాడు. పాత స్నేహితుడికి ఫోన్ చేసి చెబుతాడు. అవసరమైతే తమ్ముడి దగ్గర చేబదులు అడుగుతూ చెబుతాడు. భార్యకు చెప్పడానికి మాత్రం నోరు రాదు. అందరికంటే ముందు తెలియాల్సిన మనిషికి అందరి తర్వాత తెలుస్తుంది. భార్య గయ్యాళి అయితేనో, కాపురంలో ప్రేమ లేకపోతేనో ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు. అన్యోన్యంగా ఉండే ఇళ్లలోనూ జరుగుతుంది. ఆమె దగ్గర తనకు ఎంత విలువ ఉందనుకుంటే, అది తగ్గిపోతుందన్న భయమూ అంత ఉంటుంది.

ఈ భయానికి పునాది పెళ్లి మాటల దగ్గరే పడుతుంది. తెలుగు ఇళ్లలో సంబంధం చూసేటప్పుడు అబ్బాయి గురించి అడిగే మొదటి ప్రశ్న "ఏం చేస్తున్నాడు?" అనే. ఏ కంపెనీ, జీతమెంత, ఎక్కడ పోస్టింగు అన్నవి ఆ వెంటనే వస్తాయి. చట్టం ఒప్పుకోకపోయినా కట్నం కూడా చాలాచోట్ల ఆ జవాబును బట్టే తేలుతుంది. అంటే ఉద్యోగం అతని వ్యక్తిగత వ్యవహారం కాదు, పెళ్లినాడు ఆమె వైపువాళ్లకు ఇచ్చిన మాటలో ఒక భాగం. అది పోయినప్పుడు జీతం ఆగిందన్న బాధ కంటే మాట తప్పానన్న బాధ పెద్దదవుతుంది. మాట తప్పినది ఎవరి దగ్గరో ఆ మనిషి ఇంట్లోనే, కళ్లెదుటే ఉంటుంది. బాకీపడ్డవాడు అప్పిచ్చినవాడి వీధిలోంచి వెళ్లడం మానేయగలడు. భర్తకు ఆ వీలు లేదు.

సిగ్గు, తప్పు చేశానన్న భావన ఒకటే అనిపిస్తాయి కానీ అవి మనిషిని వేర్వేరు దారుల్లో నడిపిస్తాయి. అమెరికన్ మానసిక విశ్లేషకురాలు హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లో వెలువరించిన పుస్తకంలో ఈ తేడాను వివరంగా చర్చించింది. తప్పు చేశాననుకునేవాడి ధ్యాస చేసిన పని మీద ఉంటుంది. దాన్ని ఒప్పుకోవాలని, సరిదిద్దాలని చూస్తాడు, అవతలి మనిషి దగ్గరికి వెళతాడు. సిగ్గుపడేవాడి ధ్యాసంతా తన మీదే ఉంటుంది. తాను చేసింది చెడ్డపని అనుకోడు, తానే పనికిమాలినవాడిని అనుకుంటాడు. పనిని సరిదిద్దవచ్చు గానీ మనిషిని ఎలా సరిదిద్దుతారు? అందుకే కనబడకుండా పోవాలనిపిస్తుంది. పోయే చోటు లేనప్పుడు ఆ సిగ్గే కోపమై, ఎవరి చూపు ముందు సిగ్గుపడ్డాడో వాళ్ల మీదికే తిరుగుతుంది. ఇంట్లో ఆ చూపు భార్యది. ఉద్యోగం పోయిన ఇళ్లలో మొదట మౌనం, ఆ తర్వాత చిన్న మాటకే చిర్రుబుర్రులాడడం ఎందుకు కనిపిస్తాయో ఈ ఒక్క సూత్రంతో చాలావరకు అర్థమవుతుంది.

సిగ్గు ఎంత అన్నది పోయిన జీతం మీద మాత్రమే ఆధారపడదు. పోయిన తీరు కూడా ముఖ్యం. కెర్విన్ చార్లెస్, మెల్విన్ స్టీఫెన్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికన్ కుటుంబాల వివరాలు తీసుకుని, ఉద్యోగం పోయాక విడాకుల అవకాశం ఎంత పెరుగుతుందో చూశారు. కంపెనీ కొందరిని ఎంచి తీసేసినప్పుడు విడాకులు పెరిగాయి. ఫ్యాక్టరీ మొత్తం మూతపడి అందరూ రోడ్డున పడ్డప్పుడు అలా పెరిగినట్టు కనబడలేదు. డబ్బు నష్టం రెండుచోట్లా ఉంది. మొదటి సందర్భంలో మాత్రం "అంతమందిలో నిన్నే ఎందుకు తీశారు?" అన్న ప్రశ్న మిగులుతుంది. భార్య ఆ ప్రశ్న అడగకపోయినా, అడుగుతుందనే అతను అనుకుంటాడు.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మనిషిని తీసే పద్ధతి ఈ ప్రశ్నను మరింత పదును పెడుతుంది. ముందు పని తీరు బాగాలేదని ఒక కాగితం ఇస్తారు, మెరుగుపడడానికి కొన్ని వారాలు గడువు పెడతారు. ఆ తర్వాత హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి, తీసేశామని రాస్తే ముందు ముందు నీకే ఇబ్బంది, నువ్వే రాజీనామా ఇచ్చేయ్ అంటారు. చాలామంది ఇస్తారు. కాగితం మీద అతను స్వయంగా మానేసినవాడు. ఈ కాగితం తర్వాత ఇంట్లో అబద్ధానికి ఆసరా అవుతుంది. చెప్పక తప్పని రోజున "తీసేశారు" అనడానికి బదులు "నేనే మానేశాను, అక్కడ ఎదుగుదల లేదు" అంటాడు. అప్పుడు భార్యకు వచ్చే కోపం న్యాయమైనదే: ఇంకో ఉద్యోగం చూసుకోకుండా, ఒక్క మాట కూడా చెప్పకుండా ఎందుకు మానేశావు? తీసేసినవాడిగా కనబడకూడదని చెప్పిన అబద్ధం అతన్ని బాధ్యత లేనివాడిగా నిలబెడుతుంది.

దాచడం ఎలా సాగుతుందో, ఎక్కడ బయటపడుతుందో చూడడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. మియాపూర్ వైపు ఫ్లాట్. భర్తకు 41 ఏళ్లు, ఒకే కంపెనీలో పదేళ్లుగా టెస్టింగ్ లీడ్. చేతికి వచ్చే జీతం నెలకు 1,10,000 రూపాయలు. అందులో ఇంటి లోన్ ఈఎమ్‌ఐ 46,000. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమె జీతం 28,000. ఇంటి ఖర్చుకని అతను ప్రతి నెలా ఒకటో తారీకున ఆమె ఖాతాలో 40,000 వేస్తాడు. మార్చిలో ఉద్యోగం పోయింది. రెండు నెలల జీతం కింద 2,20,000 ఇచ్చారు. బేసిక్ 50,000, సర్వీసు పదేళ్లు కాబట్టి గ్రాట్యుటీ సుమారు 2,88,000 వచ్చింది. మొత్తం ఐదు లక్షల చిల్లర.

ఈ ఐదు లక్షలే దాచడానికి పెట్టుబడి. ఏప్రిల్ ఒకటిన 40,000 ఎప్పటిలాగే ఆమె ఖాతాలో పడింది. ఈఎమ్‌ఐ కట్ అయింది. పొద్దున్న తొమ్మిదికి టిఫిన్ బాక్సుతో ఇంట్లోంచి బయల్దేరాడు. ఆఫీసు లాప్‌టాప్, ఐడీ కార్డు కంపెనీకి అప్పజెప్పేశాడు కాబట్టి పాత సొంత లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకున్నాడు. లైబ్రరీలో కొంతసేపు, మెట్రో స్టేషన్ దగ్గరి కాఫీ షాపులో కొంతసేపు, పార్కింగులో కారులోనే కొంతసేపు గడిపాడు. మొదట్లో అతని ఉద్దేశం మోసం కాదు. నెలలోపు ఇంకోటి దొరుకుతుంది, దొరికాక రెండూ కలిపి చెప్పేయొచ్చు అనుకున్నాడు. దాదాపు అందరి లెక్కా ఇదే. చెడు వార్తను మంచి వార్తతో కలిపి చెప్పాలని చూస్తూ, ఆ మంచి వార్త రానంత కాలం చెప్పడం వాయిదా వేస్తారు. మే నెలకు పరిస్థితి మారిపోయింది. ఇప్పుడు దాచాల్సినవి రెండయ్యాయి: ఉద్యోగం పోయిందన్న సంగతి, రెండు నెలలుగా అబద్ధమాడుతున్నానన్న సంగతి. రెండోది మొదటిదానికంటే బరువైనది, రోజూ ఇంకాస్త బరువెక్కేది. నెలకు 86,000 చొప్పున ఐదు లక్షలు ఆరు నెలలు కూడా రావు. జూన్‌లో పిల్లవాడి స్కూలు ఫీజు తోడైతే ఇంకా ముందే అయిపోతాయి.

బయటపడేది సాధారణంగా డబ్బు అయిపోయిన రోజున కాదు. ఇంటి లోన్‌లో భార్య కూడా సహ రుణగ్రహీత అయితే, ఈఎమ్‌ఐ తప్పితే బ్యాంకు ఆమెకూ ఫోన్ చేయవచ్చు. కంపెనీ స్నేహితుడి భార్య ఏదో ఫంక్షన్‌లో "మీవారికి ఎక్కడైనా దొరికిందా?" అని అడుగుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ సాధారణంగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. ఈ ఇంట్లో ఆగస్టులో పిల్లవాడికి డెంగీ వచ్చింది. భార్య ఆసుపత్రిలో చేర్చి బీమా కార్డు చూపించింది. పాలసీ అమల్లో లేదని కౌంటర్‌లో చెప్పారు. ఐదు నెలల రహస్యం అక్కడ, ఎవరో గుమాస్తా నోట బయటపడింది.

ఆమెను అన్నిటికంటే కోసింది ఉద్యోగం పోవడం కాదు. ఆ ఐదు నెలలూ తాను కట్టిన ప్రతి టిఫిన్ బాక్సు, "ఇవాళ మీటింగులు ఎక్కువా?" అని అడిగిన ప్రతి సాయంత్రం ఒక నాటకంలో భాగమని తెలియడం. పైగా నష్టం లెక్కల్లోనూ ఉంది. మార్చిలోనే తెలిసి ఉంటే గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ ఇచ్చే వ్యక్తిగత పాలసీకి మారడానికి గడువులోగా అడగవచ్చు. కొత్త పాలసీ తీసుకున్నా, జబ్బులకు మొదటి 30 రోజులు వర్తించకపోయినా, ఆగస్టు నాటికి ఆ గడువు ఎప్పుడో దాటేది. లోన్ కాలం పెంచి ఈఎమ్‌ఐ తగ్గించమని, ఒక్క వాయిదా కూడా తప్పకముందే బ్యాంకును అడగవచ్చు. అలా అడిగినవాడి మాటకు, వాయిదా తప్పాక అడిగినవాడి మాటకు బ్యాంకులో చాలా తేడా ఉంటుంది. సిగ్గు ఇంటి నుంచి పట్టుకుపోయింది డబ్బు కంటే ముందు ఈ ఐదు నెలల వ్యవధిని.

సంగతి తెలిసిపోయాక దాపరికం పోతుంది, సిగ్గు పోదు. ఇల్లు పగటిపూట అతనికి కొత్త చోటు. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లోని మారీన్‌తాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు 1929-30లో మూతపడి ఊరంతా నిరుద్యోగంలో పడింది. మరీ యాహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ త్సైజెల్ అక్కడికి వెళ్లి జనం ఎలా బతుకుతున్నారో దగ్గరగా చూసి 1933లో పుస్తకం ప్రచురించారు. నిరుద్యోగం మనసును ఏం చేస్తుందన్న విషయంలో ఇప్పటికీ ముందుగా తీసేది ఆ పుస్తకాన్నే. వాళ్లు వీధిలో నడిచేవాళ్లను ఒక కిటికీలోంచి గమనించారు. మగవాళ్లు నెమ్మదిగా నడిచారు, దారిలో మాటిమాటికీ ఆగారు. ఆడవాళ్లు అలా ఆగలేదు. మిల్లు పోయినా వాళ్లకు వంట, పిల్లలు, చిరుగుల కుట్టుపని ఎక్కడికీ పోలేదు. రోజంతా ఏం చేశారని రాయమంటే మగవాళ్లకు రాయడానికి రెండు మూడు పనులకు మించి గుర్తుకు రాలేదు. భార్యలు చెప్పుకున్న ఫిర్యాదు ఒకటి ఉంది: చేసే పని ఏమీ లేకపోయినా మధ్యాహ్నం భోజనానికి మాత్రం వేళకు రారు.

మధ్యాహ్నం భోజనానికి వేళకు రాని మగవాడు తెలుగు ఇంట్లోనూ కనిపిస్తాడు. ఆకలి లేక కాదు. కూర్చుని తినడం కష్టంగా ఉంటుంది. ఆమె మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెడతాడు. బైక్‌లో పెట్రోలుకు అడగాల్సి వస్తుందని ఎక్కడికీ వెళ్లడు. తెల్లవారుజామున మెలకువ వచ్చినా ఆమె స్కూలుకు వెళ్లిపోయేదాకా గదిలోంచి బయటికి రాడు. పొద్దున్న హడావిడిలో ఖాళీగా కనబడడం ఇష్టం ఉండదు. పక్కమీద దూరం జరుగుతాడు. దీన్ని ఆమె తన మీద అలకగానో, ఇంకేదో వ్యవహారంగానో అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. అతను జరిగేది ఆమె నుంచి కాదు, ఆమె కళ్లలో తాను ఎలా ఉన్నానో అని తాను ఊహించుకున్న మనిషి నుంచి. అడిగితే ఇది చెప్పలేడు కూడా.

ఈ దశలో మాటలు వినబడే తీరే మారిపోతుంది. "ఇవాళ ఏమైనా కాల్ వచ్చిందా?" అని ఆమె ఆశతో అడుగుతుంది. అతనికి అది విచారణలా వినబడుతుంది. "పాలు తెస్తావా?" అంటే "ఖాళీగానే ఉన్నావుగా" అన్న మాట దాని వెనక ఉన్నట్టు తోస్తుంది. అడగకుండా ఊరుకుంటే "నా మీద ఆశ వదిలేసింది" అనుకుంటాడు. ఆమెకు ఏం చేసినా తప్పే అవుతుంది. ఇక్కడే కోపం మొదలవుతుంది. వంటలో ఉప్పు తక్కువైందనో, పిల్లవాడు టీవీ చూస్తున్నాడనో పెద్ద గొడవ జరుగుతుంది. గొడవకు కారణం ఉప్పులో వెతికితే దొరకదు. అయితే ఒక హద్దు ఇక్కడ చెప్పాలి. సిగ్గుపడ్డ మనిషి కోపాన్ని అర్థం చేసుకోవచ్చు. చెయ్యి ఎత్తడం, ఆమె జీతం కార్డు లాక్కోవడం, స్కూలుకు వెళ్లనివ్వకపోవడం ఆ కోవలోకి రావు. వాటిని సిగ్గు పేరు చెప్పి సహించమనడం ఆమెకు అన్యాయం.

ఇంటిపని దగ్గర ఇంకో వింత ఉంది. ఖాళీ సమయం ఉన్న మనిషి ఇంటిపని ఎక్కువ చేస్తాడని ఎవరైనా అనుకుంటారు. సమాజ శాస్త్రవేత్త జూలీ బ్రైన్స్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో, భార్య సంపాదన మీద ఎక్కువగా ఆధారపడిన మగవాళ్లు ఇంటిపని ఇంకా తక్కువ చేస్తున్నట్టు తేలింది. ఈ ఫలితం మీద తర్వాత వాదనలు నడిచాయి, అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని అనలేం. కారణం మాత్రం ఊహకు అందుతుంది. జీతం ఒక్కటే మగతనానికి గుర్తనుకున్నవాడికి, అది పోయాక చీపురు పట్టుకోవడం రెండో ఓటమిలా తోస్తుంది. అలాగని తెలుగు మగవాళ్లంతా ఇలాగే ఉంటారనడం సరికాదు. పొద్దున్నే పిల్లవాడికి జడ వేయడమో, బాక్సు కట్టడమో మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లు తరచుగా ఆ పనిని చాటుగా చేస్తారు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో బట్టలు ఆరేయడం పక్క ఫ్లాట్ వాళ్లు చూస్తారని, ఆమె వచ్చేదాకా బకెట్లోనే ఉంచుతారు.

పక్క ఫ్లాట్ వాళ్లు అనగానే ఈ సిగ్గులో మూడో మనిషి ప్రవేశిస్తాడు. భర్త సిగ్గు భార్య దగ్గరే ఆగదు, ఆమె ద్వారా చుట్టాల్లోకి పాకుతుందని అతని భయం. అందుకే సంగతి తెలిశాక మొదట అడిగేది ఒకటే: "మీ ఇంట్లో చెప్పకు." ఆ క్షణం నుంచి ఆమె అతని రహస్యానికి కాపలాదారు అవుతుంది. తల్లి ఫోన్ చేసి అల్లుడెలా ఉన్నాడంటే "వర్క్ ఫ్రమ్ హోమ్ అమ్మా, ఎప్పుడూ మీటింగులే" అంటుంది. పండక్కి పుట్టింటికి వెళ్లకపోవడానికి స్కూల్లో పరీక్షలని సాకు చెబుతుంది. తమ్ముడి పెళ్లిలో పెట్టుపోతలకు ఎక్కడో అప్పు చేస్తుంది. "పెళ్లాం సంపాదన మీద బతుకుతున్నాడు" అన్న మాట అతని చెవిన పడకుండా చూసే పని ఆమెదే. ఆమె భయాన్ని, అలసటను చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు. భర్తకు చెబితే కుంగిపోతాడు, తల్లికి చెప్పకూడదు.

ఈ భారాన్ని అలియా హమీద్ రావు 2020లో వెలువరించిన పుస్తకంలో దగ్గరగా చూపించింది. ఆమె అమెరికాలో వృత్తి ఉద్యోగాలు చేసే దంపతులతో మాట్లాడింది. భర్త ఉద్యోగం పోయినప్పుడు ఇల్లంతా దాని చుట్టూ తిరుగుతుందని గమనించింది. అతను ఉద్యోగం వెతుక్కోవడానికి ఒక గది, నిశ్శబ్దం, ధైర్యం చెప్పే మనిషి సమకూరుతాయి. భార్య తన ఆందోళనను మింగుకుంటుంది. భార్య ఉద్యోగం పోయినప్పుడు ఇంట్లో అంత కదలిక రాదు. మగవాడి సిగ్గును ఇల్లంతా కలిసి మోస్తుందని దీని అర్థం. ఆ మోత మొయ్యడం అతనికి తరచుగా కనబడదు, ఎందుకంటే సిగ్గుపడేవాడి కళ్లు ఎప్పుడూ తన మీదే ఉంటాయి.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న తెలుగు కుటుంబాల్లో ఈ కథ ఇంకో రూపు తీసుకుంటుంది. అక్కడ నెలల తరబడి దాచే వీలు లేదు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా కొత్త కంపెనీ తన తరఫున దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే వీసాకు మారాలి, లేదా దేశం విడవాలి. భార్య హెచ్-4 మీద ఉంటే ఆమె ఉనికి, పిల్లల చదువు అతని హోదాకే ముడిపడి ఉంటాయి. 2015 మే నుంచి కొందరు హెచ్-4 భార్యలకు పని అనుమతి వచ్చింది. అది కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే. కాబట్టి అతను సిగ్గుపడే మనిషే తన కారణంగా దేశం వదలాల్సి రావచ్చు. భార్యకూ సొంతంగా హెచ్-1బీ ఉన్న ఇళ్లలో మాత్రం ఒక దారి తెరుచుకుని ఉంటుంది: అతను ఆమె మీద ఆధారపడినవాడిగా హెచ్-4కు మారడం. చట్టం ప్రకారం ఇది సులువైన, సురక్షితమైన దారి. దరఖాస్తులో మాత్రం అతను ఆమె మీద ఆశ్రితుడిగా కనబడాల్సి వస్తుంది. గడువు కరిగిపోతున్నా ఆ ఫారం పెట్టకుండా ఆఖరి వారందాకా లాగేవాళ్లు ఉంటారు. తాను ఆ దేశంలో ఉండే హక్కు ఆ ఒక్క సంతకం మీద వేలాడుతున్నా సరే.

ఒకే రకమైన దెబ్బ తిన్న ఇళ్లలో కొన్ని నిలబడతాయి, కొన్ని చెడతాయి. తేడా ఎక్కడుందో మహా మాంద్యం కాలంలోనే ఒకామె వెతికింది. మిర్రా కొమరోవ్‌స్కీ న్యూయార్క్ దగ్గరి ఒక పారిశ్రామిక నగరంలో, ఏడాదికి పైగా పని లేక ప్రభుత్వ సాయం మీద బతుకుతున్న 59 కుటుంబాలతో మాట్లాడి 1940లో పుస్తకం రాసింది. లెక్కలోకి తీసుకున్న 58 ఇళ్లలో 13 చోట్ల మాత్రమే నిరుద్యోగం వల్ల భర్త మాటకు ఇంట్లో విలువ తగ్గింది. మిగతా చోట్ల తగ్గలేదు. తగ్గిన ఇళ్లలో మాంద్యానికి ముందే భార్యకు అతనితో ఉన్న బంధం ఎక్కువగా సంపాదన మీదో, భయం మీదో నిలిచి ఉంది. ప్రేమ, గౌరవం ఉన్న ఇళ్లలో ఆ పతనం అరుదు. ఇది చిన్న నమూనా, అంతా ఒకే ఊరు, ఆ కాలపు అమెరికా. అయినా ఇందులో భర్తలు సాధారణంగా వినని సంగతి ఒకటి ఉంది. ఆమె కళ్లలో తన విలువ పడిపోయిందని అతను అనుకుంటున్న చాలా ఇళ్లలో అది నిజానికి పడలేదు. తీర్పు ఆమెది కాదు, అతనే ఆమె తరఫున రాసుకున్నాడు.

అయితే ఈ మాట భార్య నోటితో చెబితే తేలిగ్గా పని చేయదు. "నువ్వేం బాధపడకు, నేనున్నానుగా" అంటే సిగ్గుపడేవాడికి అది జాలిలా వినబడుతుంది. కుటుంబ కౌన్సెలర్లు సాధారణంగా ఓదార్పుకంటే లెక్కలతో మొదలుపెట్టమంటారు. ఉద్యోగం పోయిన మొదటి వారంలోనే ఇద్దరూ కూర్చుని చేతిలో ఉన్న డబ్బు, నెల ఖర్చు, ఏ నెల దాకా వస్తుంది, బీమా ఏమిటి, ఎవరికి ఏం చెప్పాలి అన్నవి కాగితం మీద పెట్టడం. అంకెల ముందు ఇద్దరూ ఒకే వైపు కూర్చుంటారు. ఆ తర్వాత ఉద్యోగ వేట గురించి మాట్లాడడానికి వారంలో ఒక రోజు, ఉదాహరణకు ఆదివారం పొద్దున్న, కేటాయించుకోవడం. మిగతా ఆరు రోజులు ఆ ప్రశ్న అడగనన్న భరోసా ఆమె ఇస్తే, ఆ రోజు నిజం చెబుతానన్న భరోసా అతను ఇస్తాడు. అప్పుడు "పాలు తెస్తావా?" అన్న మాట మళ్లీ పాల గురించిన మాటే అవుతుంది. పుట్టింటివాళ్లలో కనీసం ఒకరికి చెప్పుకునే స్వేచ్ఛ ఆమెకు ఉండాలన్నది ఈ మాటల్లోనే తేల్చుకోవడం మంచిది. కాపలా పని ఒంటరిగా ఎక్కువ కాలం చేయగలిగేవాళ్లు తక్కువ.

కొన్ని సంకేతాలను మాత్రం సిగ్గు అని వదిలేయకూడదు. పోయిందంతా ఒక్కసారిగా రాబట్టి ఆమె ముందు తలెత్తుకోవాలన్న తొందరలో ఆప్షన్స్ ట్రేడింగులోకి దిగడం, లోన్ యాప్‌లలో ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు తీసుకోవడం తరచుగా కనిపించేవి. ఫోన్‌లో వరసగా తెలియని నంబర్ల కాల్స్ రావడం, ఫోన్ ఎప్పుడూ బోర్లా పెట్టి ఉండడం దీనికి గుర్తులు. ఇంకా ప్రమాదకరమైనవి మాటలు. "నేను లేకపోతే మీకు ఇన్సూరెన్స్ డబ్బైనా వస్తుంది", "నన్ను చేసుకుని నీ బతుకు పాడైంది" లాంటివి కోపంలోనో, తమాషాగానో అన్నా వాటిని పక్కన పెట్టకూడదు. కాగితాలు సర్దడం, పాస్‌వర్డులు రాసి ఇవ్వడం దానికి తోడైతే ఆ రోజే ఎవరో ఒకరు అతని పక్కన ఉండాలి. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ ఫోన్ అతనే చేయనక్కర్లేదు, భార్య చేసినా సలహా చెబుతారు.

కొత్త ఉద్యోగం వస్తే ఇదంతా ఆ రోజుతో తుడిచిపెట్టుకుపోతుందనుకుంటారు. జీతం పడిన మొదటి రోజు ఇంట్లో నవ్వులు వినబడతాయి, అది నిజమే. కానీ సిగ్గు మిగిల్చినవి వెంటనే సర్దుకోవు. తనను ఆ స్థితిలో చూసిన మనిషి కనుక కొందరు భర్తలకు భార్య మీదే తెలియని దూరం ఏర్పడుతుంది. జీతం ఎంతో పూర్తిగా చెప్పకుండా కొంత వేరే ఖాతాలో వేసుకుంటారు, ఈసారి పోతే ఎవరినీ అడగక్కర్లేకుండా. ఆమె వైపున ఒకటో తారీకున డబ్బు పడినా ఇక అది సరిపోదు. శాలరీ స్లిప్ చూడాలనిపిస్తుంది, అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. అందుకే కొందరు కౌన్సెలర్లు ఆఫర్ లెటర్ వచ్చిన వారంలోనే, ఇంకా తీపి కబురు వాతావరణం ఉండగానే, రెండు జీతాలూ కనిపించే ఉమ్మడి ఖాతా ఒకటి తెరవమని, కంపెనీ బీమాతో సంబంధం లేని ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ ఒకటి ఇద్దరి పేరునా తీసుకోమని చెబుతారు. మళ్లీ ఉద్యోగం పోతే ఆమెకు తెలిసేది అతని నోటి నుంచేనని, ఆసుపత్రి కౌంటర్ నుంచి కాదని అప్పుడు ఇద్దరికీ తెలుసు.